గడువు నుంచి ధర దాకా: చేతి తయారీ ఫేస్ క్రీముకు లెక్క కట్టే పద్ధతి

చేతితో క్రీములు చేసి అమ్మే చిన్న బ్రాండ్లలో చాలామంది ముందు ధర అనుకుంటారు, తర్వాత ఖర్చు చూసుకుంటారు, లేబుల్ ప్రింట్ చేయించే రోజున గడువు తేదీ గురించి ఆలోచిస్తారు. ఈ వరుసను పూర్తిగా తిరగేయాలి. గడువు తెలిస్తేనే ఆ జార్‌ను ఎన్ని నెలలు అమ్ముకోవచ్చో తెలుస్తుంది. అది తెలిస్తేనే ఒక్కసారికి ఎంత చేయాలో తేలుతుంది. చేసినవాటిలో నిజంగా అమ్ముడుపోయేవి ఎన్నో తెలిశాకే ఒక్కో జార్ ఖర్చు, దాని మీద ధర.

ఈ వ్యాసంలో మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ తీసుకుంటాను: నీళ్లు, నూనె కలిసిన ఫేస్ క్రీము, 50 గ్రాముల జార్, 3 కిలోల బ్యాచ్. బామ్, బాడీ ఆయిల్ లాంటి నీళ్లు లేని వాటికన్నా ఇది కష్టమైనది. దీని లెక్క వస్తే మిగతావి సులువు. డబ్బును 'యూనిట్లు' అని రాస్తాను. మీ కరెన్సీలో మీ అంకెలు పెట్టుకోండి, లెక్క నడిచే తీరు మారదు.

ఫార్ములా శాతాల్లో ఇది: డిస్టిల్డ్ వాటర్ 70, గ్లిజరిన్ 4, బాదం నూనె 8, రోజ్‌హిప్ నూనె 4, షియా బటర్ 4, ఎమల్సిఫయింగ్ వ్యాక్స్ 6, సీటైల్ ఆల్కహాల్ 2, ప్రిజర్వేటివ్ 1, విటమిన్ ఇ 0.5, సువాసన 0.5. అన్నీ బరువులోనే. స్పూన్లతో, మిల్లీలీటర్లతో కొలిస్తే ఒక బ్యాచ్‌కూ ఇంకో బ్యాచ్‌కూ పోలిక ఉండదు, అప్పుడు ఒకదాని మీద చేసిన పరీక్ష ఇంకోదానికి పనికిరాదు.

మొదటి అడుగు: ఇది ఏ కారణంతో పాడవుతుందో రాసుకోండి

ఇలాంటి క్రీము మూడు రకాలుగా పాడవుతుంది. నూనెలు గాలి తగిలి ఆక్సిడైజ్ అయి పాత నూనె వాసన కొడతాయి. నీళ్లు, నూనె విడిపోతాయి. బ్యాక్టీరియా, బూజు, ఈస్ట్ పెరుగుతాయి. ఈ మూడింటికీ మూడు వేర్వేరు పరీక్షలు కావాలి. ఒక పరీక్షలో నెగ్గితే మిగతా రెండింట్లోనూ నెగ్గినట్టు అనుకోవడం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు.

మన ఫార్ములాలో నూనె వైపు బలహీనమైనది రోజ్‌హిప్. అందులో లినోలిక్, లినోలెనిక్ ఆమ్లాలు ఎక్కువ, అవే త్వరగా ఆక్సిడైజ్ అవుతాయి. విటమిన్ ఇ ఈ పనిని నెమ్మదింపజేస్తుంది, అంతవరకే. అది ప్రిజర్వేటివ్ కాదు, సూక్ష్మజీవులను ఆపదు. నీళ్లున్న క్రీములో విటమిన్ ఇ మాత్రమే వేసి 'ప్రిజర్వేటివ్ లేదు' అని గర్వంగా రాయడం వాడేవాళ్ల చర్మానికి ప్రమాదం.

ఇక్కడే ఒక సులభమైన పైహద్దు దొరుకుతుంది. బ్యాచ్ చేసే రోజున ప్రతి పదార్థం సీసా మీద ఇంకా ఎన్ని నెలల గడువు మిగిలిందో రాయండి. వాటిలో అన్నిటికన్నా తక్కువ అంకెను మించి క్రీముకు గడువు ఇవ్వకండి. పరీక్షలు 10 నెలలు చెప్పినా, రోజ్‌హిప్ సీసాకు 7 నెలలే మిగిలి ఉంటే ఆ బ్యాచ్‌కు 7 నెలలే.

రెండో అడుగు: వేడిలో పెట్టి గడువు అంచనా వేయండి

అమ్మబోయే జార్‌లోనే, అమ్మబోయే మూతతోనే క్రీము నింపండి. గాజు బీకర్‌లో బాగున్న క్రీము ప్లాస్టిక్ జార్‌లో బాగుండకపోవచ్చు. కొన్ని జార్లు 40 డిగ్రీల సెల్సియస్ వద్ద, కొన్ని 25 డిగ్రీల వద్ద, ఒకటి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లోది పోల్చుకోవడానికి. 40 డిగ్రీలకు చిన్న ఇంక్యుబేటర్ కావాలి. కిటికీ పక్కన ఎండలో పెడితే వేడి రోజంతా మారుతుంది, ఆ ఫలితం దేనికీ పనికిరాదు.

రెండు వారాలకోసారి ప్రతి జార్‌నూ తూచండి, పీహెచ్ కొలవండి, రంగు, వాసన, చిక్కదనం, పైన నీళ్లు లేదా నూనె తేలడం చూసి రాయండి. బరువు తగ్గుతూ పోతుంటే మూత సరిగా పట్టడం లేదని, నీళ్లు ఆవిరవుతున్నాయని అర్థం. పీహెచ్ ఒకే వైపు జరుగుతూ ఉంటే లోపల ఏదో విడిపోతోందని అర్థం. సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్ లాంటి ప్రిజర్వేటివ్‌లు వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. పీహెచ్ 5.5 దాటేకొద్దీ వాటి బలం పడిపోతుంది.

వాసన విషయంలో ఒక జాగ్రత్త తీసుకోండి. సువాసన కలపని జార్లు కొన్ని పక్కన తప్పకుండా పెట్టండి. నూనె పాతబడటం మొదలైనప్పుడు సువాసన దాన్ని కొన్ని వారాల పాటు కప్పేస్తుంది. సువాసన లేని జార్‌లో ముందే తెలిసిపోతుంది.

ఇక లెక్క. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం ఎన్ని రెట్లవుతుందో చెప్పే అంకెను Q10 అంటారు. సూత్రం ఇది:

```
25°C వద్ద సమాన కాలం = పరీక్ష కాలం × Q10^((40 − 25) / 10)
```

Q10ను 2 అనుకుంటే 15 డిగ్రీల తేడాకు వేగం 2.83 రెట్లవుతుంది. అంటే 40 డిగ్రీల వద్ద 12 వారాలు నిలిస్తే మామూలు గదిలో 34 వారాలతో, సుమారు 8 నెలలతో సమానం. 'మూడు నెలలు వేడిలో నిలిస్తే రెండేళ్ల గడువు ఇవ్వచ్చు' అని చాలాచోట్ల వినిపిస్తుంది. ఆ మాట నిజం కావాలంటే Q10 సుమారు 4 ఉండాలి. నూనెలున్న కొత్త ఫార్ములాకు అంత ధీమా నేను పెట్టుకోను. 2తో మొదలుపెట్టడమే మంచిది.

మన క్రీము 16 వారాలు మార్పు లేకుండా నిలిచిందనుకుందాం. 16ను 2.83తో గుణిస్తే 45 వారాలు. లేబుల్ మీద 10 నెలలు వేస్తాం. 25 డిగ్రీల వద్ద పెట్టిన జార్లను మాత్రం పారేయం. అవి 12 నెలలు, 15 నెలలు బాగున్నట్టు కనబడితే తర్వాతి బ్యాచ్‌లకు గడువు పెంచుకోవచ్చు. వేడి పరీక్ష ఇచ్చేది తాత్కాలిక అంకె. గదిలో నిలిచిన జారే అసలు రుజువు.

వేడి పరీక్షకు హద్దులున్నాయి. కరిగే వ్యాక్స్, బటర్లు ఎక్కువగా ఉన్న బామ్ 40 డిగ్రీల వద్ద మెత్తబడి, గదిలో ఎప్పటికీ రాని సమస్యలు చూపిస్తుంది. ఎమల్షన్ కూడా అప్పుడప్పుడు వేడికి మాత్రమే విడిపోతుంది. 40 దగ్గర విడిపోయి 25 దగ్గర బాగుంటే ఫార్ములాను వెంటనే కొట్టిపారేయకుండా 30 లేదా 35 డిగ్రీల దగ్గర మళ్లీ చూడండి. దీనికి తోడు, ఒక రోజు ఫ్రీజర్‌లో, ఒక రోజు గదిలో పెట్టడాన్ని మూడుసార్లు చేయండి. కొరియర్ ప్రయాణంలో విడిపోయే క్రీములు ఎక్కువగా ఇక్కడే బయటపడతాయి.

మూడో అడుగు: సూక్ష్మజీవుల పరీక్ష ల్యాబ్‌కే వదిలేయండి

ఇంక్యుబేటర్ ఈ విషయంలో ఏమీ చెప్పదు. గ్రాముకు లక్షల్లో బ్యాక్టీరియా ఉన్నా క్రీము తెల్లగా, మంచి వాసనతో కనిపించవచ్చు. కంటికి బూజు కనిపించేసరికి చాలా ఆలస్యమైపోయి ఉంటుంది.

ల్యాబ్‌లో అడగాల్సింది ఛాలెంజ్ టెస్ట్. ఐఎస్‌ఓ 11930 పద్ధతిలో సూడోమొనాస్ ఎరుజినోసా, స్టాఫిలోకాకస్ ఆరియస్, ఇ.కోలి, క్యాండిడా అల్బికాన్స్, ఆస్పర్‌జిల్లస్ బ్రసీలియెన్సిస్‌లను కావాలనే క్రీములో కలిపి, 28 రోజుల పాటు అవి ఎంత తగ్గాయో లెక్కపెడతారు. మీ ప్రిజర్వేటివ్ ఆ ఫార్ములాలో పనిచేస్తోందో లేదో చెప్పేది ఇదే. ఫార్ములాకు ఒకసారి చేయిస్తే చాలు, కానీ ఫార్ములా మారిస్తే మళ్లీ చేయించాలి. ప్రతి బ్యాచ్‌కూ చేయించాల్సింది వేరే ఉంది: సూక్ష్మజీవుల సంఖ్య చూసే మామూలు పరీక్ష. ఐఎస్‌ఓ 17516 ప్రకారం మామూలు ఉత్పత్తుల్లో గ్రాముకు 1000 దాటకూడదు. మూడేళ్లలోపు పిల్లలకు, కంటి చుట్టూ వాడేవాటికి హద్దు 100.

నాలుగో అడుగు: గడువును అమ్మకపు నెలలుగా మార్చండి

గడువు 10 నెలలంటే అమ్మడానికి 10 నెలలున్నాయని కాదు. బ్యాచ్ ఫలితం వచ్చేదాకా జార్లను పక్కన పెట్టాలి, తర్వాత లేబుల్ వేయాలి, అవి కొన్నవాళ్ల ఇంటికి చేరాలి. దీనికి ఒక నెల తీసేయండి. 50 గ్రాముల ఫేస్ క్రీమును ఒక మనిషి సుమారు రెండు నెలలు వాడతారు, కొన్న రోజే తెరవరు కూడా. కొన్నవాళ్ల చేతిలో మూడు నెలలు ఉండాలి. 10లోంచి ఆ నాలుగు తీసేస్తే మిగిలేది 6 నెలలు.

నెలకు 8 జార్లు అమ్ముడవుతున్నాయనుకుందాం. ఆ ఆరు నెలల్లో 48 జార్లు పోతాయి. ఈ 48 అంకెను పక్కన రాసుకోండి, ఇక మీదట ప్రతి భాగహారం దీనితోనే. నెలకు ఎన్ని అమ్ముతారనే అంచనాకు పండుగ నెలను ఆధారం చేసుకోకండి. మందకొడి నెలలనే చూడండి.

ఐదో అడుగు: బ్యాచ్ ఖర్చు

3 కిలోలను 50 గ్రాములతో భాగిస్తే 60 జార్లు రావాలి. రావు. పాత్రకు, బ్లెండర్‌కు, నింపే గొట్టానికి 120 గ్రాములు అంటుకుపోతుంది. తక్కువ నింపామన్న మాట రాకుండా జార్‌కు 51 గ్రాములు పోస్తాం. 2880ని 51తో భాగిస్తే 56 జార్లు. అందులో రెండు నమూనాలుగా దాచాలి, ఒకటి ల్యాబ్‌కు, ఒకటి టెస్టర్‌గా పోతుంది. అమ్మదగినవి 52. వీటిలో గడువులోగా పోయేవి 48.

నింపే ముందు ఒక చిన్న పని మరిచిపోకండి. వేడి చేసేటప్పుడు ఆవిరైన నీటిని మళ్లీ తూచి కలపండి. లేకపోతే ప్రతి బ్యాచ్‌లో ప్రిజర్వేటివ్ శాతం కొద్దిగా మారిపోతుంది, పరీక్షించిన ఫార్ములాకూ అమ్ముతున్న ఫార్ములాకూ పొంతన పోతుంది.

పదార్థాల ఖర్చు 600 యూనిట్లు అనుకుందాం. ఇందులో రవాణా కలపాలి, వృథా కూడా కలపాలి. ఉదాహరణకు ఈ బ్యాచ్‌కు రోజ్‌హిప్ 120 గ్రాములు కావాలి, ఏడాదికి రెండు బ్యాచ్‌లంటే 240. మీరు చవకగా వస్తుందని 500 గ్రాముల సీసా కొని, అది ఏడాదిలో పాడైపోతే సగానికి పైగా పారేస్తారు. అప్పుడు గ్రాము అసలు ఖర్చు బిల్లు మీద కనిపించేదానికి రెట్టింపు. పెద్ద సీసా ధర తక్కువ అని మురిసిపోయే ముందు ఈ లెక్క వేయండి.

జార్, మూత, సీల్, లేబుల్, పెట్టె కలిపి ఒక్కోదానికి 14 యూనిట్లు. పగిలేవి, లేబుల్ వంకరగా అంటుకునేవి ఉంటాయి కాబట్టి 58 సెట్లకు 812. పనికి తయారీ, శుభ్రత, నింపడం, లేబుల్ వేయడం, రికార్డు రాయడం అన్నీ కలిపి 8 గంటలు, గంటకు 100 చొప్పున 800. మీరే చేసినా ఈ డబ్బు రాయాల్సిందే. రేపు ఒక మనిషిని పెట్టుకుంటే జీతం ఈ పద్దులోంచే రావాలి. అద్దె, కరెంటు, బీమా, వెబ్‌సైట్ లాంటి నెలవారీ ఖర్చులు 3200, నెలకు 80 పని గంటలైతే గంటకు 40. ఎనిమిది గంటలకు 320. గ్లౌజులు, ఆల్కహాల్, పీహెచ్ స్ట్రిప్‌లు 60.

చివరిది పరీక్షల ఖర్చు. ఫార్ములా పరీక్షలకు 2000 అయిందనుకుందాం. రెండేళ్ల పాటు ఫార్ములా మార్చకుండా నాలుగు బ్యాచ్‌లు చేస్తారనుకుంటే ఒక్కో బ్యాచ్‌కు 500. దీన్ని 'పెట్టుబడి' అని పక్కన పడేసేవాళ్లున్నారు. ఫార్ములా మార్చిన ప్రతిసారీ మళ్లీ వచ్చే ఖర్చును జార్ ధరలోంచి తీయకపోతే అది మీ జేబులోంచే పోతుంది.

మొత్తం 600, 812, 800, 320, 60, 500 కలిపితే 3092 యూనిట్లు. దీన్ని 60తో భాగిస్తే జార్‌కు 51.5, 56తో అయితే 55.2, 52తో అయితే 59.5, 48తో అయితే 64.4. కాగితం మీది 60కీ, అమ్ముడుపోయే 48కీ మధ్య జార్ ఖర్చు పావు వంతు పెరిగింది. క్రీము బాగా అమ్ముడవుతున్నా డబ్బు కనిపించడం లేదని టెన్షన్ పడే చాలామంది లెక్కలో జారిపోయేది ఈ పావు వంతే.

బ్యాచ్ సైజు మార్చి చూడండి

నాలుగు జార్లు పారేయడం ఎందుకు, సగం బ్యాచ్ చేస్తే పోదా అనిపిస్తుంది. చేసి చూద్దాం. 1.5 కిలోలకు పదార్థాలు 300. కానీ పాత్రకు అంటుకునేది దాదాపు అదే 120 గ్రాములు. వచ్చేవి 27 జార్లు, నమూనాలకు నాలుగు పోతే 23. ప్యాకింగ్ 406. పని సగం కాదు, ఎందుకంటే శుభ్రత, తూకం, రికార్డులకు అంతే సమయం పడుతుంది. ఆరున్నర గంటలకు 650, దాని మీద నెలవారీ ఖర్చుల వాటా 260. గ్లౌజులు వగైరా 60, పరీక్షల వాటా 250. మొత్తం 1926. ఒక్క జార్ కూడా పారేయకుండా 23తో భాగించినా 83.7.

5 కిలోలు చేస్తే? మొత్తం సుమారు 4300 అవుతుంది, అమ్మదగినవి 90 జార్ల దాకా వస్తాయి. కానీ ఆరు నెలల్లో పోయేవి అవే 48. జార్ ఖర్చు 90 దగ్గరకు చేరుతుంది. ఈ ఉదాహరణలో నాలుగు జార్లు పారేస్తున్నా 3 కిలోలే చవక. మీ అంకెలతో ఈ మూడు లెక్కలూ వేసుకుంటే మీ సైజు ఎక్కడుందో కనిపిస్తుంది.

ఇదే పట్టికలో గడువు మార్చి చూడండి. గడువు 8 నెలలే అయితే అమ్మకానికి 4 నెలలు, 32 జార్లు. అదే 3 కిలోల బ్యాచ్‌లో జార్ ఖర్చు 96.6. రోజ్‌హిప్ బదులు ఆక్సిడేషన్‌ను బాగా తట్టుకునే జొజోబా వేసి గడువు 12 నెలలకు తెస్తే 52 జార్లూ పోతాయి, ఖర్చు 59.5. కొత్త ఫార్ములాకు పరీక్షలు మళ్లీ చేయించాలి. అయినా దీని గురించి ఆలోచించడం, పదార్థాల బిల్లులో పదో వంతు బేరం ఆడటం కన్నా మేలు. ఆ బేరంతో మిగిలేది జార్‌కు 1.25 యూనిట్లు. నింపడానికి చిన్న మెషీన్ పెట్టి రెండు గంటల పని తగ్గిస్తే మిగిలేది దాదాపు 6.

ఆరో అడుగు: ధర

ధరను దుకాణం వైపు నుంచి మొదలుపెట్టండి. ఇప్పుడు దుకాణాలకు ఇవ్వకపోయినా సరే. రేపు ఇవ్వాలనుకున్నప్పుడు ధర ఒక్కసారిగా పెంచలేరు.

హోల్‌సేల్ ధరలో 35 శాతం మీకు మిగలాలనుకుందాం. 64.4ను 1.35తో గుణిస్తే 87 వస్తుంది, కానీ అది ఖర్చు మీద 35 శాతం. అమ్మిన ధరలో చూస్తే మిగిలింది 26 శాతమే. సరైన లెక్క భాగహారం: 64.4ను 0.65తో భాగిస్తే 99. దుకాణం రిటైల్ ధరలో సగం తీసుకుంటే రిటైల్ 198.

నేరుగా అమ్మితే 198లో 64.4 పోగా 134 లాభం అనుకోకండి. సగటున 10 శాతం డిస్కౌంట్‌కు 20, చెల్లింపు రుసుముకు 6, పార్సిల్‌కు 20, ఒక ఆర్డర్ తెచ్చుకోవడానికి ప్రకటనలకు 35 పోయాయనుకోండి. చేతికి వచ్చేది 117, అందులో మిగిలేది 53 లోపే. దుకాణానికి అమ్మినప్పుడు మిగిలే 35 కన్నా ఎక్కువే, కానీ ప్రకటనల ఖర్చు కొంచెం పెరిగితే ఆ తేడా మాయమవుతుంది. ప్రకటనలకు పెట్టిన మొత్తాన్ని ఆ నెలలో వచ్చిన కొత్త ఆర్డర్లతో భాగించి ప్రతి నెలా ఈ అంకె మార్చండి.

పన్ను కలిపిన ధర చూపించాల్సిన చోట ఇంకో తేడా వస్తుంది. పన్ను 15 శాతమైతే, 198ని పన్నుతో కలిపిన ధరగా వేస్తే మీ చేతికి 172 మాత్రమే. పన్ను పైన కలపాలి, లోపల ఇరికించకూడదు.

ఇలాంటి క్రీముకు కొనేవాళ్లు 150 మించి పెట్టరని తేలితే? హోల్‌సేల్ 75, మిగిలేది 10.6. ఆ ధరకు దుకాణాలకు ఇవ్వడం ఆపేసి నేరుగా మాత్రమే అమ్మడం ఒక దారి. ఫార్ములా, ప్యాకింగ్, పని గంటలు మార్చి ఖర్చు తగ్గించడం రెండో దారి. జార్‌ను 30 గ్రాములకు కుదించడం అందరికీ మొదట తోచే ఉపాయం. కానీ పదార్థాల ఖర్చు జార్‌కు 12.5 మాత్రమే, అందులో ఐదింట రెండు వంతులు తగ్గితే ఆదా అయ్యేది 5. జార్, లేబుల్, పని మాత్రం అలాగే ఉంటాయి. అందుకే చిన్న సైజు సాధారణంగా తక్కువ లాభం ఇస్తుంది.

లెక్కను ఎప్పుడు తిరిగి వేయాలి

దాచిన రెండు నమూనాలను గడువు ముగిసే నెలలో తెరవండి. ఒకదాన్ని ల్యాబ్‌కు పంపండి, ఇంకోదాన్ని తూచి, పీహెచ్ చూసి, వాసన చూసి మొదటి రోజు రాసిన వివరాలతో పోల్చండి. బాగుంటే తర్వాతి బ్యాచ్‌కు ఒకటి రెండు నెలలు పెంచి, అమ్మకపు నెలలు మార్చి, పట్టిక మళ్లీ వేయండి. పాత నూనె వాసన వస్తే అమ్మిన జార్ల బ్యాచ్ నంబర్ చూసి కొన్నవాళ్లకు చెప్పండి, గడువు తగ్గించండి, కొత్త గడువుతో 48 స్థానంలో ఏ అంకె వస్తుందో చూశాకే తర్వాతి బ్యాచ్‌కు పదార్థాలు ఆర్డర్ చేయండి.